స్కిప్ చేసినోళ్ళు పోయినోళ్ళు కాదు: సబ్‌స్క్రిప్షన్ బాక్సుల లెక్క ఎక్కడ తప్పుతోంది

క్లుప్తంగా: నెలనెలా బాక్స్ పంపే వ్యాపారంలో 'ఈ నెల వద్దు' అన్నవాళ్ళనీ 'ఇంక వద్దు' అన్నవాళ్ళనీ ఒకే గాటన కడితే కస్టమర్ విలువ నిజంగా ఉన్నదాంట్లో ఐదో వంతుకి పడిపోయినట్టు కనిపించొచ్చు. స్కిప్పుల్ని అసలు లెక్కలోకే తీసుకోకపోతే విలువ ఉన్నదానికంటే పెరిగినట్టు కనిపిస్తుంది. స్కిప్ ఆ నెల ఆర్డరుకి సంబంధించింది, క్యాన్సిల్ మనిషికి సంబంధించింది, అందుకని రెండిటికీ వేరు వేరు లెక్కలు కావాలి. వరసగా ఎన్ని స్కిప్పులు పడ్డాయన్నది మూడో లెక్క.

## రెండు రకాల 'వద్దు'

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెనిగ్గింజల పొడి, ఊరగాయ, మురుకులు, నిప్పట్లు, కొర్రలు, బెల్లం లాంటివి ఒక అట్టపెట్టెలో సర్ది బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లో ఉండే మనవాళ్ళకి నెలకోసారి పంపే వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. నెలకి 900 రూపాయలు, ఒకటో తారీఖు డబ్బులు ఆటోమేటిగ్గా కట్ అవుతాయి, ఐదో తారీఖుకల్లా బాక్స్ కొరియర్‌కి ఎక్కుతుంది. కస్టమర్ లాగిన్ అయితే రెండు బటన్లు ఉంటాయి, ఒకటి స్కిప్, ఇంకోటి క్యాన్సిల్. నెలాఖర్న షీట్ తెరిచి చూస్తే 1000 మందికి పోవాల్సిన బాక్సుల్లో 800 మాత్రమే పోయాయి. అంటే 200 మంది చేజారిపోయినట్టేనా?

ఇంటికి పాలు పోసే ఆయన్ని ఈ ప్రశ్న అడిగితే నవ్వుతాడు. ఊరెళ్తున్నాం, ఐదు రోజులు పాలొద్దు అని చెప్తే ఆయన కార్డులో ఆ ఐదు గళ్ళు కొట్టేస్తాడు గానీ ఆ ఇంటి కార్డునే చించెయ్యడు, ఎందుకంటే ఆరో రోజు ఆ ఇంటికి లీటరు పాలు కావాలని ఆయనకి తెలుసు, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినోళ్ళ సంగతి వేరనీ తెలుసు. యాప్‌లో, ఎక్సెల్‌లో ఈ తేడా చెరిగిపోయేది ఎందుకంటే అక్కడ కళ్ళకి కనబడేది 'ఈ నెల బాక్స్ పోయిందా లేదా' అన్న ఒక్క గడి మాత్రమే, అది ఖాళీగా ఉంటే కారణం ఏదైనా ఒకేలా ఉంటుంది.

స్కిప్ అంటే ఒక సైకిల్‌ని, అంటే ఒక బాక్స్ వంతుని, వదిలెయ్యడం, దానికి తిరిగొచ్చే తారీఖు ఉంది, ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే వచ్చే నెల బాక్స్ దానంతటదే వస్తుంది. క్యాన్సిల్‌కి అట్లాంటి తారీఖు లేదు, మళ్ళీ రావాలంటే ఆ మనిషే పనిగట్టుకుని వచ్చి, కార్డో యూపీఐనో మళ్ళీ పెట్టి చేరాలి. ఒకదాంట్లో ఊరుకుంటే బాక్స్ వస్తుంది, ఇంకోదాంట్లో ఊరుకుంటే రాదు. ఈ రెండిట్నీ కలిపి ఒకే శాతం చెయ్యడం కుదరదు అనేది ఇక్కడి నుంచే మొదలవుతుంది.

## లెక్క వేసి చూస్తే

ఆ 200 మందిలో 40 మంది క్యాన్సిల్ చేశారు, 160 మంది స్కిప్ చేశారు అనుకుందాం (ఇక్కణ్ణించి వచ్చే అంకెలన్నీ లెక్క అర్థమవడానికి వేసుకున్నవే, ఏ కంపెనీవీ కావు). వస్తువులు, ప్యాకింగ్, కొరియర్ అన్నీ పోగా ఒక్కో బాక్స్ మీద 250 రూపాయలు మిగుల్తుంది. కొత్త కస్టమర్ ఒకర్ని తెచ్చుకోవడానికి ఇన్‌స్టాగ్రామ్ యాడ్లు, మొదటి బాక్స్ డిస్కౌంట్ కలిపి 1,200 రూపాయలు ఖర్చు.

మొదట తప్పు లెక్క. 1000కి 200 పోయారు కాబట్టి నెలకి 20 శాతం పోతున్నారు అంటే సగటున ఒక్కో కస్టమర్ 5 నెలలు ఉంటాడు (1ని 0.20తో భాగిస్తే 5). ఆ 5 నెలల్లో కూడా నెలకి 80 శాతం మందే బాక్స్ తీసుకుంటున్నారు కాబట్టి ఒక్కో కస్టమర్‌కి మొత్తం మీద 4 బాక్సులు, 250 చొప్పున 1,000 రూపాయలు. తెచ్చుకోవడానికి 1,200 అయింది, వచ్చేది 1,000, అంటే ప్రతి కొత్త కస్టమర్ మీదా 200 నష్టం. ఈ లెక్క నమ్మిన ఓనర్ చేసే మొదటి పని యాడ్లు ఆపెయ్యడం.

ఇప్పుడు విడదీసి చూద్దాం. నిజంగా వెళ్ళిపోయింది 40 మంది, అంటే 4 శాతం, సగటున 25 నెలలు ఉంటారు. ప్రతి నెలా 80 శాతం మందికి బాక్స్ పోతోంది కాబట్టి 25కి 80 శాతం, 20 బాక్సులు, 5,000 రూపాయలు. అదే వ్యాపారం, అదే నెల, అవే బాక్సులు, ఒక లెక్కలో 1,000 ఇంకో లెక్కలో 5,000.

మూడో రకం తప్పు కూడా ఉంది, దీన్ని చాలామంది తప్పనుకోరు. స్కిప్పుల్ని పక్కన పడేసి, క్యాన్సిల్ చెయ్యని ప్రతి ఒక్కళ్ళూ ప్రతి నెలా బాక్స్ తీసుకుంటారని లెక్క కడితే, నెలకి 96 శాతం మందికి బాక్స్ చొప్పున 25 నెలలకి 24 బాక్సులు, 6,000 రూపాయలు వస్తుంది. నిజానికంటే 1,000 ఎక్కువ. అప్పు కోసం బ్యాంకుకి వెళ్ళేటప్పుడో పెట్టుబడి పెట్టేవాళ్ళకి చూపించేటప్పుడో ఈ అంకే ముందుకొస్తుంది, ఎవరూ అబద్ధం చెప్పాలనుకోకపోయినా సరే, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో స్కిప్ చేసినవాళ్ళ స్టేటస్ కూడా 'యాక్టివ్' అనే ఉంటుంది.

కాబట్టి రెండు శాతాలు పక్కపక్కన నడవాలి. క్యాన్సిల్ రేటు ఎంతకాలం ఉంటారో చెప్తుంది, స్కిప్ రేటు ఉన్నంతకాలం ఎన్ని బాక్సులు తీసుకుంటారో చెప్తుంది. ఒకటి గుణించాల్సింది, ఇంకోటి భాగించాల్సింది, రెండిట్నీ కూడితే వచ్చేదానికి అర్థం లేదు.

## స్కిప్ చేసిన 160 మంది తర్వాత ఏమయ్యారు

పైన వేసిన 5,000 లెక్కలో ఒక నమ్మకం దాక్కుని ఉంది, స్కిప్ చేసినవాళ్ళు కూడా మిగతావాళ్ళలాగే తిరిగొస్తారని. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే ఆ 160 మందినీ పేరుపేరునా వచ్చే నెలలోకి వెంబడించాలి.

రెండో నెలలో ఆ 160 మందిలో 104 మంది బాక్స్ తీసుకున్నారు, 32 మంది మళ్ళీ స్కిప్ చేశారు, 24 మంది క్యాన్సిల్ చేశారు అనుకుందాం. అంటే 65 శాతం తిరిగొచ్చారు, 15 శాతం పోయారు. మొదటి నెలలో బాక్స్ తీసుకున్న 800 మందిని కూడా ఇట్లాగే చూస్తే 16 మంది మాత్రమే క్యాన్సిల్ చేశారు, 2 శాతం. మొత్తం మీద చూస్తే 960 మందిలో 40 మంది పోయారు, దాదాపు 4 శాతమే, పోయిన నెల లాగే, ఏమీ మారలేదు అనిపిస్తుంది, కానీ లోపల చూస్తే స్కిప్ చేసినవాళ్ళు మిగతావాళ్ళకంటే ఏడు రెట్లకి పైగా ఎక్కువగా పోతున్నారు. స్కిప్ అంటే క్యాన్సిల్ కాదన్నది నిజమే, స్కిప్ అంటే ఏమీ కాదనుకుంటే అది కూడా తప్పే.

ఇంకో అడుగు ముందుకేస్తే విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వరసగా రెండో స్కిప్ చేసిన 32 మందిలో మూడో నెలలో 11 మంది తీసుకున్నారు, 12 మంది మళ్ళీ స్కిప్, 9 మంది క్యాన్సిల్. ఆ 12 మందిలో నాలుగో నెలలో ఇద్దరే తీసుకున్నారు, ముగ్గురు క్యాన్సిల్, మిగతా ఏడుగురు ఇంకా స్కిప్ నొక్కుతూనే ఉన్నారు. తిరిగొచ్చేవాళ్ళ శాతం మొదటి స్కిప్ తర్వాత 65, రెండోదాని తర్వాత 34, మూడోదాని తర్వాత 17. మెట్టు మెట్టుకీ సగానికి పడుతోంది.

ఆ చివర మిగిలిన ఏడుగురు పేరుకి సబ్‌స్క్రైబర్లు, నాలుగు నెలలుగా ఒక్క రూపాయి రాలేదు, క్యాన్సిల్ లిస్టులో కూడా లేరు. ఏడాది గడిచేసరికి ఇట్లాంటివాళ్ళు ప్రతి నెలా కొంతమంది పోగుపడి, 'యాక్టివ్' అంకె పెరుగుతూ బాక్సుల అంకె పెరగకుండా ఉంటుంది. ఈ రెండు గీతల మధ్య ఎడం పెరుగుతోందంటే క్యాన్సిల్ అవ్వాల్సినవాళ్ళు స్కిప్ ముసుగులో కూర్చున్నారని అర్థం. అందుకని తిరిగొచ్చే శాతం ఎక్కడ బాగా పడిపోతుందో అక్కడ ఒక గీత గీసి, ఆ గీత దాటినవాళ్ళని రిపోర్టులో విడిగా 'నిద్రలో ఉన్నవాళ్ళు' లాంటి వరసలో పెట్టాలి. పై ఉదాహరణలో అయితే మూడో స్కిప్ దగ్గర. వాళ్ళ అకౌంట్ మూసెయ్యమని కాదు, లెక్కలో మాత్రం వచ్చే నెల బాక్స్ తీసుకునేవాళ్ళ వైపు కూర్చోబెట్టకూడదు.

## సరుకు తెప్పించే రోజు

ఈ లెక్కలన్నీ కాగితం మీది గొడవ అనిపించొచ్చు గానీ దీని దెబ్బ అందరికంటే ముందు తగిలేది వంటింటికి. ఇరవయ్యో తారీఖున మురుకులు వేసేవాళ్ళకి పిండి లెక్క చెప్పాలి, చెనిగ్గింజలు ఎన్ని కేజీలు వేయించాలో చెప్పాలి, అప్పటికి వచ్చే నెల ఎంతమంది తీసుకుంటారో ఖాయంగా తెలియదు.

రెండో నెల మొదట్లో సబ్‌స్క్రైబర్లు 960 మంది (కొత్తగా చేరేవాళ్ళని ప్రస్తుతానికి పక్కన పెడదాం). 'యాక్టివ్' అంకె చూసి 960 బాక్సులకి వండిస్తే ఏమవుతుంది? ఆ నెల నిజంగా పోయినవి 776, పోయిన నెల తీసుకున్న 800 మందిలో 672 మంది, స్కిప్ నుంచి తిరిగొచ్చిన 104 మంది. 184 బాక్సుల సరుకు మిగిలిపోతుంది. ఊరగాయ, బెల్లం, కొర్రలకి ఫర్వాలేదు, వచ్చే నెలకి వాడుకోవచ్చు. మురుకులు, నిప్పట్లు నూనెలో వేయించినవి, నెల ఆగితే నూనె వాసన పట్టేస్తాయి, వాటిని పారెయ్యాలి లేదా సగం రేటుకి అమ్ముకోవాలి. స్కిప్ చేసినవాళ్ళు పోయారనుకుని 672కి మాత్రమే వండిస్తే 104 మందికి బాక్స్ లేదు, వాళ్ళ డబ్బులు ఒకటో తారీఖే కట్ అయ్యుంటాయి, బాక్స్ పది రోజులు లేటు. ఒక నెల ఆగి నమ్మకంతో తిరిగొచ్చిన మనిషికి మొదట దొరికేది ఆలస్యం, అప్పుడు నిజంగానే క్యాన్సిల్ చేస్తాడు, అది చూసి ఓనర్ 'చూశారా, స్కిప్ చేసినవాళ్ళు పోతారని ముందే అన్నాం' అనుకుంటాడు. తప్పు లెక్క తనని తానే నిజం చేసుకునే తీరు ఇది.

సరిగ్గా వేసే పద్ధతి కష్టమేం కాదు. పోయిన నెల తీసుకున్నవాళ్ళు, ఒక స్కిప్‌లో ఉన్నవాళ్ళు, రెండు స్కిప్పుల్లో ఉన్నవాళ్ళు, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ స్కిప్ చేసినవాళ్ళు అని నాలుగు వరసలు వేసుకుని, ఒక్కో వరసని దాని పాత తిరిగొచ్చే శాతంతో గుణించి కూడుకోవాలి. పై ఉదాహరణలో తీసుకున్నవాళ్ళకి 84 శాతం, ఒక స్కిప్ వాళ్ళకి 65 శాతం, అట్లా. మొత్తానికి ఒకే సగటు పెట్టినా మొదట్లో బాగానే తగులుతుంది, కానీ ఏదో ఒక నెలలో స్కిప్పులు ఉన్నట్టుండి పెరిగితే ఆ వెంటనే వచ్చే నెలలో సగటు లెక్క తప్పుతుంది, వరసల లెక్క తట్టుకుంటుంది.

## ఏ నెల స్కిప్ అనేది కూడా ముఖ్యం

పొడులు, ఊరగాయల బాక్సుకి మే నెలలో స్కిప్పులు పెరగడం చూసి కంగారు పడక్కర్లేదు. పిల్లలకి సెలవులు, ఇల్లు తాళం వేసి అందరూ ఊళ్ళల్లో ఉంటారు, చిత్తూరు జిల్లా అంతా మామిడికాయల కాలం, అమ్మమ్మగారింట్లో పెట్టిన కొత్త ఆవకాయ జాడీ తీసుకుని బెంగళూరుకి తిరిగెళ్ళే కుటుంబానికి ఇంకో నెల ఊరగాయ కొనే అవసరమే ఉండదు. బడులు తెరిచాక వాళ్ళే తిరిగి తీసుకుంటారు.

చికెన్, చేపల బాక్సు నడిపేవాళ్ళ క్యాలెండర్ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇటువైపు పెరటాసి నెల, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు, శనివారాలు చేసేవాళ్ళు చాలామంది నెలంతా నీసు ముట్టరు. అది అయ్యాక కార్తీకం, నవంబర్ మధ్య నుంచి అయ్యప్ప మాలలు, 41 రోజుల దీక్ష. మాల వేసుకున్న ఇంట్లో వరసగా రెండు నెలలు స్కిప్ పడొచ్చు, జనవరిలో వాళ్ళు మామూలుగానే తిరిగి తీసుకుంటారు. 'మూడో స్కిప్ దగ్గర గీత' అన్న రూల్‌ని కళ్ళు మూసుకుని ఇక్కడ పెడితే పెరటాసి, కార్తీకం, మాల మూడూ పాటించే మంచి కస్టమర్లంతా నిద్రలో ఉన్నవాళ్ళ వరసలో పడతారు. అందుకే స్కిప్ రేటుని పోయిన నెలతో కాకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలి, అందులోనూ పండగలు, మాసాలు ఇంగ్లీషు తారీఖుల్లో ఏటా అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి ఆ జరుగుడు కూడా చూసుకోవాలి.

వీటికి విరుద్ధంగా ఇట్లాంటి కారణం ఏదీ లేని నెలలో స్కిప్పులు పెరిగాయంటే అప్పుడు ఆలోచించాలి. ఎక్కువసార్లు కారణం ఒకటే, పోయిన నెలది ఇంకా అయిపోలేదు. ఇద్దరే ఉన్న ఇంటికి నెలకి అరకేజీ పొడి ఎక్కువ, మూడో నెలకల్లా డబ్బాలు పేరుకుపోతాయి. ఇట్లాంటి మనిషి స్కిప్పులు ఒక నెల విడిచి ఒక నెల పడతాయి, తీసుకోవడం, స్కిప్, తీసుకోవడం, స్కిప్. అది వెళ్ళిపోయే లక్షణం కాదు, ఆ ఇంటి అవసరం రెండు నెలలకి ఒక బాక్స్ అని ఆ వరసే చెప్తోంది. రెండు నెలల ప్లాన్‌కి మార్చుకోమని అడిగితే ఆ స్కిప్పులు అసలు కనిపించవు, ఎందుకంటే మధ్య నెలలో ఆ మనిషికి బాక్స్ రావాల్సిందే లేదు.

## డబ్బులు కట్ అవుతాయన్న మెసేజ్ వచ్చాక

మన దేశంలో ఈ లెక్కని ఇంకో మెలిక తిప్పేది ఆటోమేటిక్ పేమెంట్ల రూల్. నెలనెలా డబ్బులు కట్ చేసుకోమని కస్టమర్ ముందే ఇచ్చే అనుమతిని మాండేట్ అంటారు. రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఈ-మాండేట్ నియమాలు 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం డబ్బులు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ పోవాలి, ఆ ఒక్క పేమెంట్‌నైనా మొత్తం మాండేట్‌నైనా వద్దనుకునే దారి ఉండాలి. 2020 జులైలో వచ్చిన యూపీఐ ఆటోపే మీద నడిచే సబ్‌స్క్రిప్షన్లకీ ముందస్తు మెసేజ్ పోతుంది, కస్టమర్ తన యూపీఐ యాప్‌లోంచే మాండేట్‌ని ఆపెయ్యొచ్చు. కస్టమర్‌కి ఇది మంచి రక్షణ, ఇందులో రెండో మాట లేదు.

కానీ తారీఖులు చూడండి. స్కిప్ చెయ్యడానికి గడువు ఇరవై నాలుగో తారీఖు, ఎందుకంటే ఇరవై ఐదున వంట మొదలుపెట్టాలి. బ్యాంకు మెసేజ్ వచ్చేది నెలాఖర్న. ఊళ్ళో పెళ్ళికొచ్చి ఉన్న మనిషి ఫోన్‌లో '900 రూపాయలు రేపు కట్ అవుతాయి' అని చూసి, అయ్యో బాక్స్ వస్తే తీసుకోడానికి ఇంట్లో ఎవరూ లేరే అనుకుని వెబ్‌సైట్‌కి వెళ్తే స్కిప్ గడువు అయిపోయింది. అప్పుడు చేతిలో ఉన్న దారి మాండేట్ రద్దు చెయ్యడమో, ఆ ఒక్క పేమెంట్‌ని ఆపడమో. మాండేట్ రద్దు చేస్తే వ్యాపారి షీట్‌లో అది క్యాన్సిల్‌గా పడుతుంది, ఆ ఒక్క పేమెంట్‌నే ఆపితే 'పేమెంట్ ఫెయిల్' అని పడొచ్చు. మనసులో ఉన్నది మాత్రం ఒక నెల స్కిప్.

దీన్ని పట్టుకోవడానికి క్యాన్సిళ్ళ తారీఖులు చూస్తే చాలు. నెలంతా చెదురుమదురుగా పడుతుంటే వాళ్ళు మామూలుగా వెళ్ళిపోతున్నవాళ్ళు. స్కిప్ గడువు దాటాక, ముఖ్యంగా బ్యాంకు మెసేజ్ వచ్చిన రోజు, డబ్బులు కట్ అయ్యే రోజు గుంపుగా పడుతుంటే అందులో చాలా భాగం దారి దొరక్క క్యాన్సిల్ అయిన స్కిప్పులు. మందు కూడా అక్కడే ఉంది, గడువుకి రెండు రోజుల ముందు వ్యాపారం తరఫునే వాట్సాప్‌లో 'ఈ నెల బాక్స్‌లో ఇవి ఉన్నాయి, వద్దంటే ఇక్కడ నొక్కండి' అని స్కిప్ లింకు పంపడం. అట్లా చేస్తే స్కిప్ రేటు పెరుగుతుంది, క్యాన్సిల్ రేటు తగ్గుతుంది. రెండిట్నీ కలిపి చూసేవాళ్ళకి ఏమీ మారినట్టు కనబడదు, అందుకే ఈ మెసేజ్ దండగ అనుకుని ఆపేస్తారు కూడా.

దీనికి వ్యతిరేకంగా జరిగేది ఇంకోటి ఉంది, క్యాన్సిల్ నొక్కిన మనిషిని స్కిప్ వైపు నెట్టడం. 'వెళ్ళకండి, ఒక నెల ఆపుకోండి' అని ఒకసారి అడగడంలో తప్పులేదు. క్యాన్సిల్ బటన్ దొరక్కుండా దాచి స్కిప్ ఒక్కటే చూపిస్తే మాత్రం అది కస్టమర్‌ని ఇరికించడమే, 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్, అంటే కస్టమర్‌ని ఏమార్చే డిజైన్ల, మార్గదర్శకాల్లో ఉన్న 13 రకాల్లో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' ఒకటి. లెక్క పరంగా కూడా ఇది ఆత్మవంచన, క్యాన్సిల్ పేజీ దారిలో పడ్డ స్కిప్పులు మామూలు స్కిప్పుల్లా తిరిగిరావు, కాబట్టి న్యాయంగా ఒకసారి అడిగి సంపాదించినవైనా సరే వాటికి వేరే గుర్తు పెట్టుకుని, వాటి తిరిగొచ్చే శాతం వేరుగా చూడాలి.

## పెద్ద కంపెనీలు ఎట్లా చెప్పాయి

వంట సరుకుల కిట్లు వారం వారం పంపే పెద్ద కంపెనీలకి ఈ సమస్య మొదట్నుంచీ ఉంది, ఎందుకంటే వాళ్ళ కస్టమర్లు వారాలు వదిలెయ్యడం మామూలు. 2017లో అమెరికా స్టాక్ మార్కెట్లోకి వచ్చిన బ్లూ ఏప్రన్ తన రిపోర్టుల్లో, ఆ మూడు నెలల్లో ఒక్క ఆర్డరుకైనా డబ్బు కట్టినవాళ్ళనే 'కస్టమర్' అని లెక్కపెట్టింది, దాని పక్కనే ఒక్కో కస్టమర్‌కి ఎన్ని ఆర్డర్లు అన్నది ఇంకో అంకెగా ఇచ్చింది. జర్మనీకి చెందిన హలోఫ్రెష్ కూడా యాక్టివ్ కస్టమర్ అంటే గత మూడు నెలల్లో కనీసం ఒక బాక్స్ అందుకున్నవాళ్ళు అని చెప్పింది.

ఈ పద్ధతిలో తెలివి ఏంటంటే మూడు నెలల కిటికీ పెట్టడం వల్ల ఒకట్రెండు వారాల స్కిప్పులు మనిషి లెక్కని కదపవు, ఆర్డర్ల లెక్కలోనే కనిపిస్తాయి, మూడు నెలలూ తీసుకోనివాళ్ళు స్టేటస్ ఏదైనా సరే లెక్కలోంచి జారిపోతారు. లోపం కూడా ఉంది, ఆ కిటికీలో మొదటి వారమే ఒక బాక్స్ తీసుకుని క్యాన్సిల్ చేసిన మనిషి కూడా ఆ మూడు నెలలూ కస్టమర్‌గానే ఉంటాడు. పైగా వారానికో బాక్స్ వ్యాపారానికి మూడు నెలలంటే దాదాపు 13 అవకాశాలు, నెలకో బాక్స్ వ్యాపారానికి మూడే అవకాశాలు, కాబట్టి నెలనెలా చికెన్, చేపల బాక్స్ పంపేవాళ్ళు ఆ నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకుంటే పెరటాసి, కార్తీకం, మాల కలిసొచ్చిన ఇల్లు అనవసరంగా పోయినట్టు పడుతుంది.

## రికార్డు ఎట్లా ఉంచుకోవాలి

కొన్ని సాఫ్ట్‌వేర్లలో, చేత్తో నడిపే షీట్లలో కూడా, స్కిప్ నొక్కితే జరిగేది ఒక్కటే, తర్వాతి బిల్లు తారీఖు ఒక నెల ముందుకి జరుగుతుంది. స్కిప్ జరిగిందన్న గుర్తు ఎక్కడా మిగలదు. ఆరు నెలల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఎవరు ఎన్నిసార్లు స్కిప్ చేశారో తెలీదు. అందుకని మనిషికి ఒక వరస కాకుండా, ఒక్కో మనిషికి ఒక్కో సైకిల్‌కి ఒక వరస ఉండాలి, దాంట్లో ఆ సైకిల్ ఫలితం ఒకటే మాట, తీసుకున్నారు, స్కిప్, క్యాన్సిల్, పేమెంట్ ఫెయిల్. ఫెయిల్‌ని ఈ మూడిట్లో దేంట్లోనూ కలపకూడదు, అకౌంట్లో డబ్బుల్లేకపోవడం కస్టమర్ తీసుకున్న నిర్ణయం కాదు.

ఎక్సెల్‌లో A నిలువు వరసలో కస్టమర్ నంబర్, B లో సైకిల్ నంబర్, C లో ఫలితం SKIP, CANCEL లాంటి ఇంగ్లీషు మాటగా ఉంటే 14వ సైకిల్ స్కిప్ రేటు ఇది:

```
=COUNTIFS(B:B,14,C:C,"SKIP")/COUNTIFS(B:B,14)
```

SKIP తీసి CANCEL పెడితే క్యాన్సిల్ రేటు వస్తుంది. ఇది సరిగ్గా రావాలంటే ఆ సైకిల్‌కి బాక్స్ రావాల్సినవాళ్ళకి మాత్రమే వరస వెయ్యాలి. గడువు దాటాక ఇరవై ఏడున చేరినవాళ్ళకి, రెండు నెలల ప్లాన్‌లో ఉండి ఈ నెల వంతు రానివాళ్ళకి వరస వెయ్యకూడదు, వేస్తే కింది అంకె ఉబ్బి స్కిప్ రేటు తక్కువగా కనిపిస్తుంది. అట్లాగే నొక్కిన తారీఖుని బట్టి కాకుండా ఏ బాక్సుకి సంబంధించిందో దాన్ని బట్టి నెల వెయ్యాలి, మార్చి ఇరవైన నొక్కిన స్కిప్ ఏప్రిల్ బాక్సుది కాబట్టి అది ఏప్రిల్ వరసే.

200, 300 మంది కస్టమర్లే ఉన్న చోట రెండో స్కిప్, మూడో స్కిప్ వరసల్లో ఐదారుగురే ఉంటారు, ఒక్క మనిషి అటూ ఇటూ అయితే శాతం ఇరవై దాకా ఊగుతుంది. అట్లాంటి చోట ఒక్క నెల అంకెని పట్టుకుని గీత గియ్యకూడదు, ఆరు నెలలో ఏడాదో కలిపి మొత్తం రెండో స్కిప్పులు ఎన్ని, అందులో తర్వాతి సైకిల్ తీసుకున్నవి ఎన్ని అని ఒకేసారి లెక్కపెట్టాలి, మే, పెరటాసి లాంటి నెలల్ని అందులోంచి తీసి పక్కన పెట్టి. అప్పటిదాకా చెయ్యగలిగింది ఇంకోటుంది, ఆ ఐదారుగురికీ ఫోన్ చేసి అడగడం, అంతమంది దగ్గర అదే అన్నిటికంటే నమ్మదగ్గ లెక్క.